ఉన్న సరుకు, అమ్మగల సరుకు

దుకాణం కౌంటర్లో అమ్మేదీ, అదే దుకాణం వెబ్‌సైట్‌లో అమ్మేదీ ఒకే రాక్‌లోని సరుకు. దాని లెక్క మాత్రం రెండు చోట్ల నడుస్తుంది. కౌంటర్లో బిల్లు కొట్టినప్పుడు టాలీప్రైమ్ లాంటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీసు తగ్గుతుంది. వెబ్‌సైట్‌లో ఆర్డరు పడినప్పుడు వూకామర్స్, షాపిఫై లాంటి ఆన్‌లైన్ దుకాణంలో తగ్గుతుంది. ఒకచోట జరిగింది రెండోచోటికి చేరేలోపు రెండు లెక్కలూ తప్పే. ఆ సందులో లేని పీసుకు వెబ్‌సైట్ డబ్బు తీసుకుంటుంది. వ్యాపారులు ఓవర్‌సెల్లింగ్ అనేది దీన్నే. కొన్నవాళ్లకు ఫోన్ చేసి సరుకు లేదని చెప్పడం, డబ్బు వెనక్కి పంపడం, ముందే బిల్లు కొట్టి ఉంటే దానికి క్రెడిట్ నోట్ ఇవ్వడం, ఇదంతా ఆ తరువాత మీద పడే పని.

రెండు సాఫ్ట్‌వేర్లనూ కలిపితే ఇక సమస్య ఉండదని చాలామంది అనుకుంటారు. కలిపే పరికరాలకు కొరత లేదు. టాలీప్రైమ్ మామూలుగా 9000 పోర్టు మీద బయటి ప్రోగ్రాములతో మాట్లాడగలదు. వూకామర్స్‌లో ఒక వస్తువు స్టాకును బయటినుంచి మార్చే ఏర్పాటు ఉంది. ఈ రెంటి మధ్య నడిచే కనెక్టర్లు బజారులో దొరుకుతాయి. చిక్కు అక్కడ లేదు. ఏ అంకెను ఎటు పంపాలి, ఎప్పుడు పంపాలి అన్నది తేల్చుకోకుండా కలిపితే, కలపకముందు లేని తప్పులు కొత్తగా పుడతాయి.

పదిహేను నిమిషాల్లో జరిగేది

విజయవాడలో ఒక రెడీమేడ్ దుకాణం ఉందనుకుందాం. దసరా ముందు శనివారం సాయంత్రం. ఎర్ర కాటన్ కుర్తీ, ఎం సైజు, కోడ్ `KRT-RED-M`, రాక్‌లో 5 పీసులు ఉన్నాయి. 6 గంటలకు బిల్లింగ్‌లో 5, వెబ్‌సైట్‌లో 5. కనెక్టరు ప్రతి 15 నిమిషాలకు ఒకసారి బిల్లింగ్‌లోని అంకెను తీసుకెళ్లి వెబ్‌సైట్‌లో రాస్తుంది. చవకగా దొరికే కనెక్టర్లు ఎక్కువగా చేసేది ఈ ఒక్క పనే.

6:10కి వెబ్‌సైట్‌లో 2 పీసులకు ఆర్డరు పడింది. వెబ్‌సైట్ తన లెక్కను 3కి తగ్గించుకుంది. 6:12కి కౌంటర్లో 1 పీసు అమ్ముడైంది. బిల్లింగ్‌లో 4 మిగిలింది. 6:15కి కనెక్టరు వచ్చి, బిల్లింగ్‌లోని 4ను వెబ్‌సైట్‌లో రాసేసింది. అక్కడున్న 3 చెరిగిపోయింది. ఆన్‌లైన్ ఆర్డరు గురించి వెబ్‌సైట్‌కు మాత్రమే తెలిసిన సంగతిని ఆ 4 తుడిచేసింది.

నిజానికి రాక్‌లో ఉన్నవి 4 పీసులు. అందులో 2 అప్పటికే ఒకరివి. కొత్తవారికి అమ్మగలిగినవి 2 మాత్రమే. వెబ్‌సైట్ మాత్రం 4 చూపిస్తోంది. 6:25కి ఇంకొకరు 3 పీసులు కొన్నారు. వెబ్‌సైట్‌కు అభ్యంతరం ఏముంటుంది? డబ్బు తీసుకుంది. ఇప్పుడు ఇవ్వాల్సినవి 5, ఉన్నవి 4. ఇక్కడ కంప్యూటర్ చెడిపోలేదు, ఉద్యోగి పొరపడలేదు, కనెక్టరు చెప్పిన వేళకే చెప్పిన పని చేసింది. అందుకే ఈ తప్పును వెతికి పట్టుకోవడం కష్టం. రోజూ జరగదు, అమ్మకాలు జోరుగా ఉన్న రోజునే జరుగుతుంది. ఆ రోజున ఎవరికీ వెతికే తీరిక ఉండదు.

ఒక అంకె కాదు, మూడు

మూలం ఎక్కడుందంటే, స్టాక్ అంటే ఒకే అంకె అనుకోవడంలో. రెండుచోట్ల అమ్మే దుకాణానికి మూడు అంకెలు కావాలి. రాక్‌లో, గోడౌన్‌లో చేతికి అందేలా ఉన్నది ఒకటి. ఇస్తామని మాట ఇచ్చి ఇంకా పంపనిది రెండు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది, కొత్తవారికి అమ్మగలిగినది. వెబ్‌సైట్‌కు పంపాల్సింది ఈ మూడో అంకె ఒక్కటే.

```
అమ్మగలది = ఉన్నది − మాట ఇచ్చినది
```

మాట ఇచ్చినదాన్ని బిల్లింగ్‌లో రాయడానికి టాలీప్రైమ్‌లో సేల్స్ ఆర్డర్ అనే వోచరు ఉంది. దాన్ని నమోదు చేస్తే మిగులు స్టాక్ తగ్గదు, కానీ ఇంత సరుకు ఒకరికి బాకీ ఉందని పుస్తకంలో ఉంటుంది. పార్సిల్ కట్టి ఇన్వాయిస్ కొట్టినప్పుడు సరుకు తగ్గుతుంది, బాకీ కూడా అంతే తగ్గుతుంది. కనుక అమ్మగల సరుకు ఆ క్షణంలో మారదు, వెబ్‌సైట్‌కు కొత్తగా చెప్పాల్సింది ఏమీ ఉండదు.

పై ఉదాహరణనే ఈ పద్ధతిలో నడిపితే తేడా తెలుస్తుంది. 6:15కి కనెక్టరు వచ్చినప్పుడు ముందుగా వెబ్‌సైట్‌లోని కొత్త ఆర్డర్లను బిల్లింగ్‌లోకి తెస్తుంది. 2 పీసుల సేల్స్ ఆర్డరు నమోదవుతుంది. తరువాత లెక్క కడుతుంది: ఉన్నవి 4, మాట ఇచ్చినవి 2, అమ్మగలవి 2. ఆ 2ను వెబ్‌సైట్‌కు పంపుతుంది. 6:25కి 3 పీసులు కావాలన్నవారికి 2 మాత్రమే ఉన్నాయని వెబ్‌సైటే చెబుతుంది. ఆర్డర్లు ముందు తేవాలి, అంకె తరువాత పంపాలి. ఈ వరస ఒక్కటి తిప్పి రాసినా మళ్లీ మొదటి కథే.

ఇక్కడ చాలా దుకాణాల్లో పడే ఒక పొరపాటును కాస్త వివరంగా చూడాలి. పార్సిల్ కట్టేటప్పుడు ఉద్యోగి సేల్స్ ఆర్డరు నంబరును ఎంచుకోకుండా నేరుగా కొత్త ఇన్వాయిస్ కొట్టేస్తాడు. సరుకు తగ్గుతుంది, ఆర్డరు మాత్రం పెండింగ్‌లోనే ఉండిపోతుంది. మన కుర్తీల్లో ఉన్నవి 4 నుంచి 2కు వస్తాయి, మాట ఇచ్చినవి 2 అలాగే ఉంటాయి, అమ్మగలవి 0 అవుతాయి. రాక్‌లో రెండు కుర్తీలు వేలాడుతుంటే వెబ్‌సైట్ స్టాక్ లేదంటుంది. ఓవర్‌సెల్లింగ్‌కు గోల చేసే కొనుగోలుదారు ఉంటాడు. ఈ నష్టానికి అడిగేవారే ఉండరు, అందుకే నెలల తరబడి సాగుతుంది. పెండింగ్ ఆర్డర్ల జాబితాలో వారం దాటినవి కనిపిస్తే, వాటిలో ఎక్కువ భాగం ఇలా తెగని ముడులేనని అనుమానించాలి.

దీనికి పక్కనే ఇంకో తప్పు పొంచి ఉంటుంది. వెబ్‌సైట్ సొంతంగా ఒక ఇన్వాయిస్ తయారుచేస్తుంది, కౌంటర్లోని ఉద్యోగి అదే ఆర్డరుకు బిల్లింగ్‌లో ఇంకోటి కొడతాడు, రెండూ సరుకును తగ్గిస్తాయి. ఇన్వాయిస్ ఎక్కడ పుట్టాలో ఒక్కచోటే నిర్ణయించుకోవాలి. జీఎస్‌టీ లెక్కలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే మామూలు దుకాణానికి అది బిల్లింగ్‌లోనే ఉండడం మంచిది. వెబ్‌సైట్ పంపేది ఆర్డరు అందిందన్న రసీదుగా మిగలాలి.

తేడా పంపడమా, మొత్తం పంపడమా

ముందు ఆర్డర్లు తెచ్చి తరువాత అంకె పంపినా, ఆ రెండు పనుల మధ్య కొన్ని సెకన్ల సందు ఉంటుంది. కనెక్టరు ఆర్డర్లు తెచ్చుకుని లెక్క కడుతున్న క్షణంలోనే వెబ్‌సైట్‌లో ఇంకో 1 పీసు అమ్ముడైందనుకోండి. వెబ్‌సైట్‌లో 3 ఉన్నది 2 అయింది. కనెక్టరుకు ఈ సంగతి తెలియదు, తను కట్టిన 2ను అక్కడ రాస్తుంది. నిజంగా అమ్మగలిగింది 1. చూడటానికి రెండు వైపులా 2 అనే ఉంది కనుక ఈ తప్పు కంటికి కూడా ఆనదు.

దీనికి ఒక మార్గం, మొత్తం అంకెను కాకుండా మార్పును పంపడం. కౌంటర్లో ఒకటి అమ్ముడైంది కనుక "ఒకటి తగ్గించు" అని మాత్రమే వెబ్‌సైట్‌కు చెప్పాలి. అప్పుడు అక్కడున్నది 3 అయితే 2 అవుతుంది, 2 అయితే 1 అవుతుంది. రెండు సందర్భాల్లోనూ సరైన అంకే. ఇంకో మార్గం, "నీ దగ్గర ఇప్పటికీ 3 ఉంటేనే దాన్ని 2 చెయ్యి, లేకపోతే మార్చకు" అని షరతు పెట్టడం. షాపిఫైలో స్టాక్ మార్చేటప్పుడు పాత అంకె ఎంతని అనుకుంటున్నామో కూడా కలిపి పంపే వీలుంది. అది సరిపోలకపోతే మార్పు జరగదు, కనెక్టరు మళ్లీ మొదటినుంచి లెక్క కట్టుకోవాలి.

సొంతంగా ప్రోగ్రాము రాయించుకునేవారు గమనించాల్సిన విషయం కూడా ఇదే. స్టాక్ ఎంతుందో చూడటం, అందులోంచి తీయడం రెండు వేర్వేరు పనులుగా రాస్తే, ఆ మధ్యలో ఇంకొకరు దూరతారు. రెండింటినీ ఒకే ఆజ్ఞగా రాయాలి:

```sql
UPDATE stock SET qty = qty - 2
WHERE sku = 'KRT-RED-M' AND qty >= 2;
```

కనీసం 2 ఉంటేనే 2 తీయి అని దీని అర్థం. ఎన్ని వరసలు మారాయో డేటాబేస్ చెబుతుంది. సున్నా అని వస్తే సరుకు లేనట్టే, ఆర్డరు తీసుకోకూడదు. ఇద్దరు ఒకేసారి కొన్నా డేటాబేస్ ఒకరి తరువాతే ఇంకొకరిని పంపుతుంది.

మార్పులు పంపే పద్ధతికి దాని బలహీనత దానికుంది. ఒక సందేశం దారిలో పోతే లెక్క ఒకటి తప్పుతుంది, తిరిగి తనంతట తాను సరికాదు. ఒకే సందేశం రెండుసార్లు చేరితే రెండుసార్లు తగ్గుతుంది. నెట్ ఆగి ఆగి వచ్చేచోట ఈ రెండోది తరచు జరుగుతుంది. కనెక్టరు పంపింది చేరింది, చేరిందన్న జవాబు మాత్రం వెనక్కి రాలేదు, అందుకని మళ్లీ పంపింది. కనుక బిల్లింగ్‌లో నమోదయ్యే ప్రతి సేల్స్ ఆర్డరుకూ వెబ్‌సైట్ ఆర్డరు నంబరును రెఫరెన్సుగా ఉంచి, అదే నంబరు రెండోసారి వస్తే తిరస్కరించాలి. కౌంటర్ బిల్లుల విషయంలోనూ అంతే, ఏ బిల్లు నంబరు వరకు వెబ్‌సైట్‌కు చెప్పామో రాసి ఉంచుకోవాలి.

పోయిన సందేశాల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. కొత్త ఆర్డరు పడగానే బయటి ప్రోగ్రాముకు కబురు పంపే వెబ్‌హుక్ వూకామర్స్‌లో ఉంది. అవతలి కంప్యూటర్ జవాబివ్వక అది వరుసగా విఫలమవుతూ పోతే వూకామర్స్ ఆ వెబ్‌హుక్‌ను ఆపేస్తుంది. దుకాణంలోని కంప్యూటర్ రాత్రిపూట కట్టేసి ఉండి, ఆ రాత్రి ఆర్డర్లు బాగా పడితే, పొద్దున కంప్యూటర్ వేసినా కబుర్లు రావు. ఎర్ర దీపం ఏదీ వెలగదు. కబురు మీదే ఆధారపడకుండా, ప్రతి పావుగంటకూ "పోయినసారి అడిగిన తరువాత మారిన ఆర్డర్లు ఏవి" అని కనెక్టరే అడిగేలా ఉండాలి. అడిగేటప్పుడు కొద్ది నిమిషాలు వెనక్కి జరిగి అడిగితే అంచు మీద పడ్డ ఆర్డర్లు కూడా దొరుకుతాయి. నంబరు చూసి తిరస్కరించే ఏర్పాటు ముందే ఉంది కనుక, వచ్చినదే మళ్లీ వచ్చినా నష్టం లేదు.

చివరికి కుదిరే ఏర్పాటు ఇది: పగలంతా మార్పులు వెంటవెంటనే వెళ్తుంటాయి, దుకాణం మూశాక అమ్మకాలు పలచబడిన వేళ మొత్తం అంకెలను ఒకసారి సరిచూసి దిద్దుతారు. వూకామర్స్‌లో ఒక విడతలో 100 వస్తువుల వరకు మార్చవచ్చు. మూడు నాలుగు వేల రకాలున్న దుకాణానికి కూడా ఇది పెద్ద పని కాదు.

డబ్బు కట్టేలోపు, పార్సిల్ తిరిగొచ్చేలోపు

ఆన్‌లైన్‌లో కొనేవారు ఆర్డరు నొక్కడానికీ డబ్బు అందడానికీ మధ్య సమయం పడుతుంది. ఆ సమయంలో పీసు ఎవరిది? వూకామర్స్ దాన్ని కొంతసేపు పట్టి ఉంచుతుంది. సెట్టింగుల్లో `Hold stock (minutes)` అనేచోట ఎన్ని నిమిషాలో రాసుకోవచ్చు. మామూలుగా 60 ఉంటుంది. అప్పటికీ డబ్బు రాకపోతే ఆర్డరు రద్దవుతుంది, పీసు మళ్లీ అమ్మకానికి వస్తుంది. ఇలా పట్టి ఉంచిన లెక్కను వూకామర్స్ విడిగా రాసుకుంటుంది. అసలు స్టాక్ అంకె తగ్గేది డబ్బు అందాక, లేదా క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరు ఖాయమయ్యాక. కాబట్టి డబ్బు అందని ఆర్డర్లను బిల్లింగ్‌లోకి తేకూడదు. తెస్తే ఒకే పీసు రెండు చోట్లా తగ్గి, వెబ్‌సైట్‌లో ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది.

గంటసేపు పట్టి ఉంచడం యూపీఐ కాలానికి ఎక్కువే. డబ్బు కట్టేవారు చాలావరకు కొద్ది నిమిషాల్లోనే కట్టేస్తారు. కట్టనివారి కోసం గంటసేపు పీసును దాచితే పండగ వేళ అమ్మకం పోతుంది. 15 నిమిషాలకు తగ్గించుకోవచ్చు, కానీ మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు. కొన్నిసార్లు కొనేవారి ఖాతాలో డబ్బు పోయినా అది ఖాయమైందన్న కబురు ఆలస్యంగా అందుతుంది. అప్పటికి ఆర్డరు రద్దయి, పీసు ఇంకొకరికి వెళ్లి ఉంటుంది. రద్దయిన ఆర్డరుకు డబ్బు వచ్చిన సందర్భాలను రోజూ విడిగా చూసి, సరుకుంటే పంపడం, లేకుంటే వెంటనే డబ్బు తిప్పి పంపడం మనిషి చేయాల్సిన పని. దాన్ని కనెక్టరుకు వదలకూడదు.

తిరిగొచ్చే పార్సిళ్ల దగ్గర తప్పు ఇంకా పెద్దది. క్యాష్ ఆన్ డెలివరీ మీద పంపిన పార్సిల్‌ను అవతలివారు తీసుకోలేదు. కొరియర్ కబురు చూసి ఉద్యోగి వెబ్‌సైట్‌లో ఆర్డరును రద్దు చేశాడు. రద్దు చేయగానే వూకామర్స్ ఆ పీసులను తనంతట తానే స్టాకులో కలిపేస్తుంది. పార్సిల్ ఇంకా దారిలో ఉంది. రావడానికి రోజులు పట్టవచ్చు, నలిగి రావచ్చు, మరక పడి రావచ్చు. ఈలోపు ఆ పీసును వెబ్‌సైట్ మళ్లీ అమ్మేస్తుంది. పంపేసిన ఆర్డరును రద్దు చేయకూడదు. పార్సిల్ దుకాణానికి వచ్చి, విప్పి చూసి, అమ్మదగినదిగా ఉంటే బిల్లింగ్‌లో రిటర్న్ నమోదు చేయాలి. అక్కడ సరుకు పెరిగితే అంకె వెబ్‌సైట్‌కు దానంతటదే వెళ్తుంది. పీసు చేతికి రానిదే లెక్కలోకి రాకూడదన్నది రిటర్నుల విషయంలో సడలించదగ్గ నియమం కాదు.

బిల్లు లేకుండా కదిలే సరుకు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంప్యూటర్‌కు తెలిసిన కదలికలు. మన దుకాణాల్లో సరుకు బిల్లు లేకుండా కూడా కదులుతుంది. ఏ కనెక్టరూ పట్టుకోలేనిది ఇదే, ఓవర్‌సెల్లింగ్‌కు అసలు కారణాలు వెతికితే ఎక్కువసార్లు తేలేదీ ఇక్కడే.

తెలిసిన ఇంటివారు నాలుగు చీరలు తీసుకెళ్లి, ఇంట్లో చూపించి, నచ్చింది ఉంచుకుని మిగతావి రేపు పంపుతామంటారు. పెళ్లి బట్టలు తీసేవారు ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి, ఎంచిన చీరలు పక్కన పెట్టమంటారు. ఎం సైజు కొన్న అమ్మాయి మరునాడు వచ్చి ఎల్ తీసుకుపోతుంది. ధర ఒకటే కనుక బిల్లు మార్చే శ్రమ ఎవరూ పడరు. ట్యాగ్ ఊడిపోయిన కుర్తీని క్యాషియర్ అదే ధర ఉన్న వేరే కోడ్ మీద కొడతాడు. కరెంటు పోయినప్పుడు చేత్తో రాసిన బిల్లులు రాత్రికి గానీ ఎక్కవు. కొత్తగా వచ్చిన బేలు విప్పి రాక్‌లో పెట్టి అమ్మేస్తుంటారు, కొనుగోలు బిల్లు మాత్రం వారం తరువాత నమోదవుతుంది.

వీటన్నిటికీ వాడుకను మాన్పించనక్కరలేదు, లెక్కలో చోటు చూపిస్తే చాలు. చూపించడానికి ఇచ్చిన చీరలకు, పక్కన పెట్టినవాటికి బిల్లింగ్‌లో ఒక సేల్స్ ఆర్డరు రాస్తే మాట ఇచ్చిన సరుకులో కలుస్తాయి, వెబ్‌సైట్‌లో తగ్గుతాయి. చీరలు తిరిగొస్తే ఆ ఆర్డరు మూసేస్తారు. సైజు మార్పిడికి ఒకటి రిటర్నుగా, ఒకటి అమ్మకంగా ఎక్కాలి, తేడా డబ్బు సున్నా అయినా సరే. కొత్త బేలుకు కొనుగోలు బిల్లు పూర్తిగా ఎక్కేదాకా ట్యాగులు వేయకూడదు. ట్యాగ్ లేనిది రాక్ మీదికి రాదు కనుక ఆ ఒక్క కట్టుబాటు మిగతా గొడవను చాలావరకు ఆపుతుంది.

ఆన్‌లైన్ ఆర్డరు పడ్డ పీసును రాక్‌లోంచి తీయడం కూడా ఈ కోవలోదే. బిల్లింగ్‌లో 2 మాట ఇచ్చినవని రాసి ఉన్నా, రాక్ ముందు నిలబడ్డ కొనుగోలుదారుకు ఆ సంగతి తెలియదు. చేతిలో కుర్తీ పట్టుకుని గల్లా దగ్గరికి వచ్చినవారికి ఇది ఆన్‌లైన్‌వారిదని చెప్పడం ఏ దుకాణదారుకూ కుదరదు. ఆర్డరు కనిపించిన వెంటనే ఒక ఉద్యోగి ఆ పీసును తీసి, ఆర్డరు నంబరు చీటీ పెట్టి, వేరే అలమారులో పెట్టేయాలి. పీసు దొరక్కపోతే అప్పుడే తెలుస్తుంది, కొన్నవారికి గంటలోపే చెప్పవచ్చు. సాయంత్రం పార్సిళ్లు కట్టేటప్పుడు వెతుకుదామనుకునే దుకాణాలు ఆ రోజంతా ఒకే పీసును రెండుచోట్ల అమ్మకానికి పెట్టినట్టే.

ఎంత దాచి చూపించాలి

సందు ఎంత తగ్గించినా సున్నా కాదు. అందుకే అమ్మగల సరుకులోంచి మరికొంత తీసి చూపించే అలవాటు ఉంది. ఎంత తీయాలన్నది ఊహమీద కాదు, రెండు అంకెల మీద ఆధారపడుతుంది: కబురు చేరడానికి పట్టే సమయం, జోరు గంటలో ఆ వస్తువు కౌంటర్లో అమ్ముడయ్యే వేగం. ఎర్ర కుర్తీ ఎం సైజు బాగా రద్దీ ఉన్న గంటలో 8 పీసులు పోతుందనుకుంటే, 15 నిమిషాల సందులో 2 పోతాయి. అప్పుడు 2 దాచాలి. 5 ఉంటే వెబ్‌సైట్‌లో 3 కనిపిస్తాయి, 2 ఉంటే ఏమీ కనిపించవు. సందును 2 నిమిషాలకు తగ్గిస్తే 1 దాస్తే చాలు. రోజుకు ఒకటి కూడా పోని వస్తువుకు ఏదీ దాచనక్కరలేదు. అన్ని వస్తువులకూ ఒకే అంకె పెట్టడం సులువే గానీ, నెమ్మదిగా పోయే సరుకుకు ఆన్‌లైన్‌లో ఉన్న ఒక్క దారినీ అది మూసేస్తుంది.

ఒక్కో పీసే ఉండే సరుకుకు ఈ లెక్క పనికిరాదు. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల నేత చీరల్లో ఒక్కో రంగు, ఒక్కో అంచు కలిసినవి తరచు ఒక్కటే ఉంటాయి. ఉన్నది 1, దాచేది 1 అయితే ఆన్‌లైన్‌లో అసలు కనిపించదు. దాచకపోతే రెండుచోట్లా అమ్ముడయ్యే ప్రమాదం. ఇలాంటివాటికి నమ్మదగిన దారి సరుకును చోటుతో విడదీయడమే. ఫోటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టిన చీరను అమ్మే గదిలోంచి తీసి వేరే అలమారుకు మార్చాలి. బిల్లింగ్‌లో ఆన్‌లైన్ పేరుతో ఒక గోడౌన్ తెరిచి, స్టాక్ జర్నల్‌తో చీరను అక్కడికి మార్చాలి. వెబ్‌సైట్‌కు ఆ గోడౌన్‌లోని సరుకునే చూపాలి. కౌంటర్లో ఎవరైనా ఆ చీర అడిగితే, ముందు వెబ్‌సైట్‌లోంచి తీసి, గోడౌన్ మార్చి, తరువాతే చేతికివ్వాలి. దీనివల్ల అమ్మే గదిలో రకాలు తగ్గుతాయి, అది నిజమైన నష్టమే. చీర ఖరీదు పెరిగేకొద్దీ మాత్రం, డబ్బు తీసుకుని లేదని చెప్పడం కన్నా ఈ నష్టమే తేలిక.

తప్పు ఎక్కడుందో అంకెలే చెబుతాయి

రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టడానికి ముందు రెండుచోట్లా వస్తువుకు ఒకే కోడ్ ఉండాలి. పేర్లతో జత చేస్తే ఒకచోట ఎం అని, ఇంకోచోట మీడియం అని ఉండి జత కలవదు. కోడ్‌లు ఎక్సెల్ మీదుగా వెళ్తే ఇంకో ప్రమాదం ఉంది. ముందున్న సున్నాలను అది తీసేస్తుంది, `00123` కాస్తా `123` అవుతుంది. 13 అంకెల బార్‌కోడ్‌ను `8.90E+12`లా కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా అలాగే దాచితే అసలు అంకెలు పోతాయి. కోడ్‌లో అక్షరాలు కలిపి ఉంచితే ఈ రెండూ జరగవు. బిల్లింగ్‌లో డజన్లలో ఉన్న వస్తువు వెబ్‌సైట్‌లో పీసుల్లో ఉంటే 12తో గుణించే పని కనెక్టరుకు చెప్పి ఉండాలి.

రాత్రి సరిచూసినప్పుడు వెబ్‌సైట్‌లోని అంకెను బిల్లింగ్‌లోని అమ్మగల అంకెతో పోల్చాలి, మిగులు స్టాకుతో కాదు. తేడా ఎటు ఉందన్నదాన్ని బట్టి కారణం తెలుస్తుంది. వెబ్‌సైట్‌లో ఎక్కువ ఉంటే కౌంటర్ అమ్మకాలు అక్కడికి చేరడం లేదు, లేదా పార్సిల్ రాకముందే రద్దు వల్ల స్టాక్ పెరిగింది. తక్కువ ఉంటే కొనుగోళ్లో రిటర్నులో చేరడం లేదు. రెండు లెక్కలూ ఒప్పి, రాక్ ఒప్పకపోతే బిల్లు లేకుండా సరుకు కదిలింది. ఎం సైజులో ఒకటి ఎక్కువ, ఎల్ సైజులో ఒకటి తక్కువ వచ్చి మొత్తం సరిపోతే అది సైజు మార్పిడి. బిల్లింగ్‌లో మైనస్ స్టాక్ కనిపిస్తే కొనుగోలు బిల్లు ఎక్కలేదు, లేకపోతే ఒక కోడ్ సరుకును ఇంకో కోడ్ మీద కొట్టారు.

అంకెను దిద్దేముందు కారణం తేల్చుకోవాలి. మైనస్ రెండు కనిపించగానే దాన్ని సున్నా చేసేస్తే, వారం తరువాత కొనుగోలు బిల్లు ఎక్కినప్పుడు లేని రెండు పీసులు పుట్టుకొస్తాయి, వెబ్‌సైట్ వాటిని అమ్మకానికి పెడుతుంది. కారణం తేలాక, రాక్‌లో పీసులు చేత్తో లెక్కపెట్టి, టాలీప్రైమ్‌లో ఫిజికల్ స్టాక్ వోచరుతో దిద్దవచ్చు. లెక్కించేది దుకాణం తెరవకముందు అయితే మంచిది. మధ్యాహ్నం లెక్కిస్తే లెక్కపెట్టిన క్షణానికీ నమోదు చేసిన క్షణానికీ మధ్య పడ్డ బిల్లులు మళ్లీ తేడా తెస్తాయి. దుకాణమంతా ఒకేసారి లెక్కపెట్టనక్కరలేదు. వేగంగా పోయేవాటిని, కిందటి రాత్రి తేడా వచ్చినవాటిని రోజుకు ఇరవై ముప్పై కోడ్‌ల చొప్పున చూసుకుంటూ వెళ్తే, ఆన్‌లైన్‌లో పెట్టినవన్నీ నెలకోసారి చేతికిందికి వస్తాయి.

దుకాణానికి మూడో అమ్మకం చోటు, అంటే అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్ తోడైనా సూత్రం మారదు. దాన్ని వెబ్‌సైట్‌కు తగిలించకుండా నేరుగా బిల్లింగ్‌కే కలపాలి. వెబ్‌సైట్ మీదుగా పోతే రెండు సందుల సమయం కలిసి, దాచాల్సిన పీసులు పెరుగుతాయి. అన్నిచోట్ల ఆర్డర్లూ ఒకే సేల్స్ ఆర్డర్ల జాబితాలోకి రావాలి, అన్నిచోట్లకూ వెళ్లేది ఒకే అమ్మగల అంకె కావాలి. చివరి ఒకటి రెండు పీసులు మిగిలినప్పుడు మాత్రం వాటిని ఒక్కచోటే ఉంచి మిగతావాటిలో సున్నా చూపడం మేలు. రద్దు చేసిన ఆర్డర్లను మార్కెట్‌ప్లేస్‌లు అమ్మకందారు ఖాతాలో లెక్కపెడతాయి కనుక, ఆ చివరి పీసులను దుకాణం సొంత వెబ్‌సైట్‌లో ఉంచుకోవడం నయం.